60 కోట్ల ప్రీమియం ఎవరి సొమ్ము?

ఒక కంపెనీ మరో కంపెనీని మార్కెట్ ధర కంటే 30 శాతం ఎక్కువ పెట్టి కొన్నదని వార్త వచ్చినప్పుడు, ఆ 30 శాతం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న చాలామందికి తట్టదు. కొనే కంపెనీ ఖజానా నుంచి వస్తుందన్నది పైపై సమాధానం. రెండు కంపెనీలు కలిసినందువల్ల మాత్రమే పుట్టే అదనపు విలువ నుంచి రావాలన్నది అసలు సమాధానం. ఆ అదనపు విలువనే సినర్జీ అంటున్నాం. మార్కెట్ ధరకు మించి చెల్లించే ఆ ప్రీమియంకన్నా సినర్జీ తక్కువైతే, తేడా మొత్తాన్ని కొనే కంపెనీ వాటాదారులే తమ జేబు నుంచి అమ్మేవారికి ఇచ్చుకున్నట్టు లెక్క. కార్పొరేట్ ఫైనాన్స్ కేసు స్టడీల్లో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కంపెనీ విలువ కట్టడం వారికి వచ్చు. ఆ విలువ ఎవరి వాటాకు ఎంత వెళుతుందో విడదీయడమే కష్టంగా ఉంటుంది.

దీన్ని ఒక ఊహాజనితమైన ఉదాహరణతో చూద్దాం. గుంటూరులో ఒక కారంపొడి, మసాలా కంపెనీ ఉందనుకుందాం. దానికి 2 కోట్ల షేర్లున్నాయి, ఒక్కో షేరు ధర 300 రూపాయలు, అంటే మార్కెట్ విలువ 600 కోట్లు. విజయవాడలో అదే వ్యాపారం చేసే మరో కంపెనీకి 1 కోటి షేర్లున్నాయి, షేరు ధర 200 రూపాయలు, మార్కెట్ విలువ 200 కోట్లు. రెండింటికీ అప్పులు లేవనుకుంటే లెక్క తేలికవుతుంది. గుంటూరు కంపెనీ విజయవాడ కంపెనీని షేరుకు 260 రూపాయల చొప్పున, మొత్తం 260 కోట్లకు కొంటానంటోంది. ప్రీమియం 60 కోట్లు, అంటే 30 శాతం.

ఈ ప్రతిపాదనను సమర్థిస్తూ గుంటూరు యాజమాన్యం డైరెక్టర్ల బోర్డుకు ఒక అంచనా ఇచ్చింది. రెండు కంపెనీలూ కలిసి ఏటా సుమారు 200 కోట్ల విలువైన ఎండుమిర్చి కొంటాయి. ఒకే చేతిమీద కొంటే 3 శాతం తక్కువ ధరకు దొరుకుతుందని, దానివల్ల 6 కోట్లు మిగులుతాయని చెప్పింది. కోల్డ్ స్టోరేజీ అద్దెలు, రవాణా కలిపి చూసుకుంటే 5 కోట్లు, రెండు ప్రధాన కార్యాలయాల స్థానంలో ఒకటే ఉండటం, ప్యాకింగ్ సామగ్రిని కలిపి కొనడం వల్ల మరో 5 కోట్లు ఆదా అవుతాయి. మొత్తం ఏటా 16 కోట్లు. 25 శాతం పన్ను తీసేస్తే 12 కోట్లు. ఈ మొత్తం ఏటా వస్తూనే ఉంటుందని, రేపు వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 12 శాతమని తీసుకుంటే, 12 కోట్లను 0.12తో భాగిస్తే వర్తమాన విలువ 100 కోట్లు. ప్రీమియం 60 కోట్లు, సినర్జీ 100 కోట్లు, కాబట్టి 40 కోట్ల లాభమని నివేదిక తేల్చింది.

ఈ లెక్కలో కూడిక తప్పేమీ లేదు, కాలమే తప్పింది. విలీనం పూర్తయిన మర్నాడే ఆదా మొదలుకాదు. సీజను సరుకు కోసం అప్పటికే కుదుర్చుకున్న కోల్డ్ స్టోరేజీ ఒప్పందాలు ఆ సీజను ముగిసేదాకా నడవాల్సిందే. రెండు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకటి కావడానికి నెలలు పడుతుంది. సిబ్బందిని తగ్గిస్తే వారికి పరిహారం ఇవ్వాలి, యంత్రాలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించాలి. కాబట్టి మొదటి ఏడాది ఆదా ఏమీ ఉండదని, రెండో ఏడాది సగం, అంటే 6 కోట్లు వస్తుందని, మూడో ఏడాది నుంచి పూర్తి 12 కోట్లు వస్తుందని అనుకోవడం న్యాయంగా ఉంటుంది. కలపడానికయ్యే ఖర్చు మొదటి ఏడాదిలో 16 కోట్లు అనుకుంటే, పన్ను పోను 12 కోట్లు.

ఇప్పుడు మళ్లీ లెక్క కడదాం. రెండో ఏడాది 6 కోట్ల నేటి విలువ 4.8 కోట్లు. మూడో ఏడాది నుంచి వచ్చే ప్రవాహం విలువ రెండో ఏడాది చివర 100 కోట్లు, దాన్ని రెండేళ్లు వెనక్కి తెస్తే 79.7 కోట్లు. కలపడానికయ్యే ఖర్చు నేటి విలువ 10.7 కోట్లు. మిగిలే నికర సినర్జీ 73.8 కోట్లు. ఆదా మొత్తం ఒక్క రూపాయి కూడా మార్చకుండా, అది ఎప్పుడు వస్తుంది, దానికి ముందు ఎంత ఖర్చవుతుంది అన్న రెండు ప్రశ్నలు అడిగితేనే 26 కోట్లు కరిగిపోయాయి. కొనే కంపెనీ లాభం 40 కోట్ల నుంచి సుమారు 14 కోట్లకు దిగింది. మర్చంట్ బ్యాంకర్లకు, న్యాయవాదులకు, ఆడిటర్లకు చెల్లించే ఫీజులు ఇందులోంచే పోవాలి.

నివేదికలు దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో జరిగే సందర్భాలే ఎక్కువ. ఆదా ఏటా 4 శాతం పెరుగుతుందని లెక్కల పట్టికలో ఒక గడిలో రాస్తే చాలు, 12 కోట్లను 0.08తో భాగించినట్టవుతుంది, 100 కోట్లు కాస్తా 150 కోట్లు అవుతాయి. అద్దెలు, జీతాలు ద్రవ్యోల్బణంతో పెరుగుతాయి కాబట్టి ఆదా కూడా పెరుగుతుందన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ పోటీదారులు కూడా తమ ఖర్చులు తగ్గించుకుంటారు, ఆ తగ్గుదలలో కొంత చివరికి ధరల రూపంలో వినియోగదారులకు చేరుతుంది. అందువల్ల ఖర్చుల ఆదాను శాశ్వతంగా పెంచుకుంటూ పోయే నివేదిక కనిపిస్తే నేను ముందుగా ఆ గడినే చూస్తాను.

అమ్మకాలు పెరుగుతాయన్న సినర్జీ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. విజయవాడ కంపెనీకి ఉన్న పంపిణీదారుల ద్వారా గుంటూరు కంపెనీ సరుకు కూడా అమ్మితే అదనంగా 40 కోట్ల అమ్మకాలు వస్తాయని యాజమాన్యం చెప్పిందనుకుందాం. 40 కోట్లు విలువ కాదు. దానిపై 12 శాతం లాభమైతే 4.8 కోట్లు, పన్ను పోను 3.6 కోట్లు. పైగా మిర్చి వ్యాపారంలో సరుకు ప్రధానంగా వేసవి ముగిసేలోపే యార్డుకు వస్తుంది, ఏడాదికి సరిపడా కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. అమ్మకం పెరిగిన కొద్దీ అలా నిల్వలో ఇరుక్కునే వర్కింగ్ క్యాపిటల్ పెరుగుతుంది. అమ్మకాల్లో నాలుగో వంతు అనుకుంటే 10 కోట్లు ముందే పెట్టాలి. ఖర్చు తగ్గించడం మన చేతిలో ఉంటుంది, కొనుగోలుదారుణ్ణి ఒప్పించడం మన చేతిలో ఉండదు కనుక దీనికి 16 శాతం డిస్కౌంట్ రేటు వాడటం సబబు. 3.6 కోట్లను 0.16తో భాగిస్తే 22.5 కోట్లు, అందులో 10 కోట్ల పెట్టుబడి పోను 12.5 కోట్లు, రెండేళ్ల తర్వాతే మొదలవుతుంది కాబట్టి నేటి విలువ 9 కోట్ల పైచిలుకు. నివేదికలో 40 కోట్లుగా మెరిసిన అంకె ఇది. అది కూడా జరుగుతుందన్న నమ్మకం లేదు గనుక ఇకపై లెక్కలోంచి దాన్ని పూర్తిగా వదిలేస్తాను.

ఇక పంపకం. కలిసిన కంపెనీ విలువ 600, 200, 73.8 కలిపి 873.8 కోట్లు. డబ్బు రూపంలో 260 కోట్లు చెల్లిస్తే, విజయవాడ వాటాదారుల లాభం 60 కోట్లు, గుంటూరు వాటాదారులకు మిగిలేది 613.8 కోట్లు, వారి లాభం 13.8 కోట్లు. పుట్టిన విలువలో ఐదింట నాలుగు వంతులు అమ్మినవారికే వెళ్లింది. పైగా వారు డబ్బు తీసుకుని పక్కకు తప్పుకున్నారు. ఆదా జరిగినా జరగకపోయినా ఆ 60 కోట్లు వారివే. నికర సినర్జీ సున్నా అయితే గుంటూరు వాటాదారులకు 60 కోట్ల నష్టం. మొదటి రోజే ఖాయంగా చెల్లించే ప్రీమియానికి బదులుగా కొనేవారికి దక్కేది మూడో ఏడాది నుంచి రావచ్చని అనుకుంటున్న ఆదా.

డబ్బు బదులు షేర్లు ఇస్తే పంపకం మారుతుంది. 260 రూపాయలను 300తో భాగిస్తే 15 విజయవాడ షేర్లకు 13 గుంటూరు షేర్లు అన్న మార్పిడి నిష్పత్తి వస్తుంది. గుంటూరు కంపెనీ కొత్తగా 86.67 లక్షల షేర్లు జారీ చేస్తుంది, మొత్తం 2.8667 కోట్ల షేర్లవుతాయి. 873.8 కోట్లను వాటికి పంచితే షేరు 304.8 రూపాయలు. ఇందులో విజయవాడ వాటాదారుల భాగం 264.2 కోట్లు. అంటే వారి లాభం 60 కాదు, 64.2 కోట్లు. గుంటూరు వారి లాభం 9.6 కోట్లకు తగ్గింది. షేర్లు తీసుకున్నవారు ప్రీమియంతో పాటు, మిగిలిన సినర్జీలో కూడా భాగస్థులయ్యారు. అందుకే షేర్లతో జరిగే విలీనంలో పైకి ప్రకటించే ప్రీమియం నిజమైన ప్రీమియం కాదు.

అయితే అదే భాగస్వామ్యం నష్టానికీ వర్తిస్తుంది. నికర సినర్జీ సున్నా అనుకుంటే కలిసిన విలువ 800 కోట్లు, షేరు 279 రూపాయలు, గుంటూరు వాటాదారుల నష్టం సుమారు 42 కోట్లు. డబ్బు చెల్లించి ఉంటే ఆ నష్టం 60 కోట్లయ్యేది. దీన్నిబట్టి ఒక విషయం ఊహించవచ్చు. తన అంచనాపై గట్టి నమ్మకం ఉన్న యాజమాన్యం డబ్బు ఇవ్వడానికి ఇష్టపడుతుంది, అనుమానం ఉన్నవారు, లేదా తమ షేరు ధర ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని తెలిసినవారు షేర్లు ఇవ్వడానికి మొగ్గుతారు. మార్కెట్ కూడా ఇలాగే చదువుకుంటుంది కాబట్టి షేర్ల రూపంలో ప్రతిపాదన వస్తే కొనే కంపెనీ షేరు ధర పడిపోవడం సాధారణంగా కనిపిస్తుంది.

బేరానికి హద్దులు కూడా ఈ లెక్కలోనే ఉన్నాయి. ఒక విజయవాడ షేరుకు 0.59 గుంటూరు షేరు కంటే తక్కువ ఇస్తే విజయవాడ వాటాదారులు తమ 200 కోట్లు కూడా నిలబెట్టుకోలేరు. 0.91 కంటే ఎక్కువ ఇస్తే గుంటూరు వాటాదారులు తమ 600 కోట్లలో కొంత కోల్పోతారు. ఆ రెండింటి మధ్య ఏ నిష్పత్తి వద్ద ఒప్పందం కుదిరినా ఇద్దరికీ లాభమే, ఎవరికెంత అన్నదే తేడా. 13:15 అంటే 0.867, కొనేవారి గరిష్ఠ హద్దుకు చాలా దగ్గర. మరో కంపెనీ పోటీకి వస్తే ఆ కొద్ది దూరం కూడా మిగలదు.

పోటీ ఏం చేస్తుందో చూడాలంటే ఆంగ్లో-డచ్ ఉక్కు కంపెనీ కోరస్‌ను టాటా స్టీల్ కొన్న తీరు గుర్తు చేసుకోవాలి. 2006 అక్టోబరులో షేరుకు 455 పెన్నీల ప్రతిపాదనతో మొదలైంది. బ్రెజిల్‌కు చెందిన ఉక్కు కంపెనీ సీఎస్ఎన్ పోటీగా రంగంలోకి దిగింది. 2007 జనవరి 31న వేలం ముగిసేసరికి సీఎస్ఎన్ 603 పెన్నీల వద్ద ఆగింది, టాటా స్టీల్ 608 వద్ద గెలిచింది. మొదటి ధర మీద మూడో వంతు పెరుగుదల. ఆ రోజే టాటా స్టీల్ షేరు 10 శాతానికి పైగా పడిపోయింది. పెరిగిన ప్రతి పెన్నీ కోరస్ వాటాదారులకే వెళ్లింది. వేలంలో గెలిచేది అందరికంటే ఎక్కువ ఆశతో లెక్క కట్టినవారేనన్న ప్రమాదం ఇందులో ఎప్పుడూ ఉంటుంది. 2013లో టాటా స్టీల్ సుమారు 160 కోట్ల డాలర్ల గుడ్‌విల్‌ను, అంటే కొన్న కంపెనీల ఆస్తుల విలువకు మించి చెల్లించినట్టు ఖాతాల్లో చూపిన మొత్తాన్ని, రద్దు చేయాల్సి వచ్చింది. 2008 సంక్షోభం తర్వాత ఐరోపాలో ఉక్కు గిరాకీ పడిపోవడం దానికి పెద్ద కారణమే. కానీ అంత ధర చెల్లించాక అలాంటి దెబ్బను తట్టుకునే జాగా లెక్కలో మిగలలేదు.

మార్కెట్ చెప్పే మాటను అంకెల్లోకి మార్చడం కూడా మన ఉదాహరణలో సాధ్యమే. డబ్బు ప్రతిపాదన ప్రకటించిన రోజు గుంటూరు షేరు 300 నుంచి 285కి పడిందనుకుందాం. అది 30 కోట్ల నష్టం. చెల్లిస్తున్న ప్రీమియం 60 కోట్లు కాబట్టి, మార్కెట్ దృష్టిలో సినర్జీ విలువ 30 కోట్లేనన్నమాట. యాజమాన్యం చెప్పిన 100 కోట్లకూ మార్కెట్ నమ్మిన 30 కోట్లకూ మధ్య తేడా ఎందుకో కేసు రాసేవారు వివరించగలగాలి. ఒప్పందం ఆగిపోయే అవకాశాన్ని, కొనే కంపెనీ సొంత వ్యాపారం గురించి కొత్తగా పుట్టిన అనుమానాలను కూడా ఆ ధర మోస్తుంది గనుక దాన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు.

ప్రీమియాన్ని ఏ ధర మీద లెక్కిస్తున్నామన్నది మరో చిక్కు. విలీనం గురించి గుసగుసలు ముందే బయటకు పొక్కి, విజయవాడ షేరు 170 నుంచి 200కి పెరిగిందనుకుందాం. అప్పుడు 200 అన్నది ఆ కంపెనీ సొంత విలువ కాదు, రాబోయే ప్రీమియంలో కొంత ముందే కలిసిన ధర. నిజమైన ప్రీమియం 60 కాదు, 90 కోట్లు. సినర్జీ 73.8 కోట్లే కాబట్టి గుంటూరు వాటాదారులకు 14 కోట్ల లాభం కాస్తా 16 కోట్ల నష్టమైంది. సెబీ టేకోవర్ నిబంధనలు తరచూ ట్రేడయ్యే నమోదిత షేర్లకు కనీస ధర నిర్ణయించేటప్పుడు ఒక్కరోజు ధరను కాకుండా 60 ట్రేడింగ్ రోజుల సగటును కూడా చూడమనడం వెనుక చిన్న వాటాదారుల రక్షణ ఉంది. విశ్లేషకుడు మాత్రం వార్త పొక్కక ముందటి ధర ఏదో తానే వెతుక్కోవాలి.

ఇంతకంటే ఎక్కువమందిని పక్కదారి పట్టించేది షేరుకు ఆర్జన. గుంటూరు కంపెనీ లాభం 30 కోట్లు, అంటే షేరుకు 15 రూపాయలు. విజయవాడ కంపెనీ లాభం 16 కోట్లు. 13:15 నిష్పత్తిలో కలిపి, సినర్జీ సున్నా అనుకున్నా, 46 కోట్లను 2.8667 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 16.05 రూపాయలు వస్తుంది. ఆర్జన 7 శాతం పెరిగింది! కానీ ఇదే పరిస్థితిలో గుంటూరు వాటాదారులు 42 కోట్లు నష్టపోయారని పైన చూశాం. ఆర్జనకు 20 రెట్ల ధర పలికే కంపెనీ, 16.25 రెట్ల ధరకు మరోదాన్ని కొంటే అంకగణితం ప్రకారం షేరుకు ఆర్జన పెరిగి తీరుతుంది. అందులో వ్యాపార ప్రతిభ ఏమీ లేదు. కలిసిన కంపెనీకి కూడా 20 రెట్లే పలుకుతుందని అనుకోవడంలోనే మోసం ఉంది, నెమ్మదిగా పెరిగే వ్యాపారం కలిశాక ఆ రెట్లు తగ్గాలి.

అన్ని విలీనాల్లోనూ బేరం ఉంటుందని కూడా అనుకోకూడదు. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు, ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. రెండింటిలోనూ పెద్ద వాటాదారు కేంద్ర ప్రభుత్వమే. ఒక చేత్తో అమ్మి మరో చేత్తో కొనేవారికి నిష్పత్తి కొంచెం అటూ ఇటూ అయినా పెద్ద తేడా పడదు. ఏదో ఒక బ్యాంకులోనే షేర్లున్న చిన్న వాటాదారుకు మాత్రం ఆ ఒక్క అంకే సర్వస్వం. ఆ షేర్లు పెట్టుకున్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

చివరిగా, ఆ 16 కోట్ల ఆదా గురించి ఇంకొక మాట అడగాలి, అది ఎవరి దగ్గరి నుంచి వస్తోంది? కోల్డ్ స్టోరేజీలో ఖాళీ తగ్గడం, లారీ నిండుగా నడవడం నిజమైన పొదుపు, అక్కడ ఎవరూ నష్టపోకుండా ఖర్చు తగ్గుతుంది. మిర్చి 3 శాతం తక్కువకు దొరకడం వల్ల వచ్చే 6 కోట్లు అలాంటిది కాదు. కొంత కమీషన్ ఏజెంట్ల నుంచి, కొంత రైతు నుంచి వాటాదారుకు చేతులు మారే సొమ్ము అది. వాటాదారుల కోణం నుంచి విలువ కట్టేవారు దాన్ని కలుపుతారు, అది తప్పు కాదు. కానీ గుంటూరు యార్డులో కొనేవారు ఈ రెండు కంపెనీలే కారు. ఎగుమతిదారులున్నారు, ఇతర రాష్ట్రాల వ్యాపారులున్నారు. ధర తగ్గిస్తే సరుకు వారికి వెళుతుంది, లేదా ఖమ్మం, వరంగల్ మార్కెట్ల దారి పడుతుంది. ఆ 6 కోట్లు తీసేస్తే ఏటా ఆదా 10 కోట్లు, పన్ను పోను 7.5 కోట్లు. పైన కట్టినట్టే కడితే రెండో ఏడాది సగం ఆదాకు 3 కోట్లు, మూడో ఏడాది నుంచి వచ్చేదానికి 49.8 కోట్లు, కలపడానికయ్యే ఖర్చు 10.7 కోట్లు పోను నికర సినర్జీ సుమారు 42 కోట్లు. డబ్బు చెల్లించే గుంటూరు వాటాదారులకు 18 కోట్ల నష్టం. ఆ పరిస్థితిలో బోర్డు ఒప్పుకోదగిన గరిష్ఠ ధర షేరుకు 260 కాదు, 242 రూపాయలు.